విదేశీ సైట్‌లో కొన్న వస్తువు ఇంటికొచ్చేసరికి ధర ఎందుకు పెరుగుతుంది? పర్లాకిమిడిలో తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి బస్టాండు దగ్గర నాకో చిన్న ఆన్‌లైన్ సర్వీసుల షాపు ఉంది. కరెంటు బిల్లులు, రైలు టికెట్లు, ఆధార్ ప్రింట్లతో పాటు కొన్నేళ్లుగా విదేశీ వెబ్‌సైట్లలో ఆర్డర్లు పెట్టించుకోవడానికి కూడా జనం వస్తున్నారు. కాశీనగర్ నుంచి, గుణుపురం నుంచి కూడా వస్తారు. ఆర్డర్ పెట్టేటప్పుడు ఎవరికీ టెన్షన్ ఉండదు. పార్సిల్ వచ్చిన రోజు మాత్రం బిల్లు పట్టుకుని మళ్లీ షాపుకి వస్తారు. "సైట్‌లో ఇంత లేదు కదా అన్నా, ఇదెక్కడిది?" అని అడుగుతారు.

ఆ ప్రశ్నలన్నిటికీ ఇక్కడ ఒకేచోట జవాబులు రాస్తున్నాను. ఉదాహరణగా మా ఇంటి బిల్లునే తీసుకుంటాను. మా అమ్మాయి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. తన వయొలిన్‌కి ఒక మంచి బో, అంటే తీగల మీద లాగి వాయించే కమాను, కావాలంటే అమెరికా సైట్‌లో ఆర్డర్ పెట్టాను. ధర 80 డాలర్లు. అది మా గుమ్మం ఎక్కేసరికి ఎంతైందో, అందులో ఏ రూపాయి ఎవరికి పోయిందో కింద వివరంగా ఉంది.

సైట్‌లో చూపించే ధరలో మన దేశం పన్ను కలిసి ఉండదా?

చాలా సైట్లలో ఉండదు. అక్కడ కనిపించేది వస్తువు ధర, దానికి పంపే ఖర్చు, అంతే. మన దేశంలోకి వచ్చినప్పుడు పడే సుంకం వాళ్లకు సంబంధం లేని విషయం. అది కొన్నవాళ్లే కట్టుకోవాలి.

కొన్ని పెద్ద సైట్లు మాత్రం డబ్బు కట్టే పేజీలోనే సుంకం అంచనా వేసి ముందే తీసేసుకుంటాయి. ఆ పేజీలో `Import Fees` అనో, `Duties & Taxes` అనో ఒక లైను విడిగా కనిపిస్తుంది. పంపే పద్ధతి దగ్గర `DDP` అని ఉంటే సుంకం అమ్మేవాడే కడతాడని అర్థం. `DAP` లేదా `DDU` అని ఉంటే మీరు కట్టాలి. ఏమీ రాయకపోతే మీరే కట్టాలి అనుకుని లెక్క వేసుకోండి. ముందే కట్టినవాళ్లు ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. డెలివరీ అబ్బాయి గుమ్మంలో మళ్లీ సుంకం అడిగిన సందర్భాలు నేను చూశాను, అప్పుడు ఆ స్క్రీన్‌షాటే ఆధారం.

పన్ను దేని మీద వేస్తారు? వస్తువు ధర మీదే కదా?

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. పన్ను శాతం ఎంత అని అడుగుతారు కానీ, ఆ శాతం ఏ మొత్తం మీద అని అడగరు. మన కస్టమ్స్ చట్టం 1962 నాటిది. దాని కింద విలువ కట్టే నియమాలు 2007లో వచ్చాయి. వాటి ప్రకారం వస్తువు ధరకు రవాణా ఖర్చు, బీమా కూడా కలుపుతారు. అలా కలిపిన మొత్తాన్ని మదింపు విలువ అంటారు. సుంకం లెక్క మొదలయ్యేది దాని మీద. అంటే మీరు కొరియర్‌కి కట్టిన డబ్బు మీద కూడా పన్ను పడుతుంది.

బీమా చేయించలేదు, మరి అది ఎందుకు కలుపుతారు అని మీరు అడగొచ్చు. బీమా ఖర్చు ఎంతో కాగితాల్లో తెలియకపోతే వస్తువు ధరలో 1.125 శాతం అని అనుకుని కలపాలని నియమంలోనే ఉంది. ఈ అంకె మీ బిల్లులో కనిపిస్తే తప్పుడు లెక్క అనుకోకండి.

రవాణా విషయంలో మాత్రం మనకు పనికొచ్చే నియమం ఒకటి ఉంది. సరుకు విమానంలో వస్తే, మీరు ఎంత రవాణా ఖర్చు కట్టినా, వస్తువు ధరలో 20 శాతానికి మించి విలువలో కలపకూడదు. విదేశాల నుంచి వచ్చే చిన్న కొరియర్ పార్సిళ్లు దాదాపు అన్నీ విమానంలోనే వస్తాయి. తేలికైన, చవకైన వస్తువుకి రవాణా ఎక్కువ పడుతుంది కాబట్టి ఈ పరిమితి అలాంటి వాటికే బాగా ఉపయోగపడుతుంది. దీని సంగతి చాలామందికి తెలియదు. నాకూ మొదట్లో తెలియదు, ఆ కథ కొంచెం కింద చెబుతాను.

డాలర్లను రూపాయల్లోకి మార్చేటప్పుడు మీ బ్యాంకు రేటు వాడరు. కస్టమ్స్ శాఖ ప్రకటించే మారకం రేటు వాడతారు. సరుకు కాగితం, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ, దాఖలు చేసిన రోజున అమల్లో ఉన్న రేటు లెక్క. మీరు ఆర్డర్ పెట్టిన రోజు రేటుతో పని లేదు.

ఒక లెక్క మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తారా?

మా అమ్మాయి బో లెక్కే చూద్దాం. అర్థం కావడానికి డాలరుకి 90 రూపాయలని గుండ్రంగా వేసుకుంటున్నాను. బో ధర 80 డాలర్లు, అంటే 7,200 రూపాయలు. కొరియర్ ఖర్చు 28 డాలర్లు, అంటే 2,520 రూపాయలు.

ముందు మదింపు విలువ తేల్చాలి. 7,200లో 20 శాతం 1,440. నేను కట్టింది 2,520 అయినా విలువలో కలపాల్సింది 1,440 మాత్రమే. బీమా 1.125 శాతం లెక్కన 81 రూపాయలు. మూడూ కలిపితే 8,721 రూపాయలు. లెక్కంతా ఇక్కడి నుంచి మొదలవుతుంది.

ఇప్పుడు మూడు పొరలు వరసగా పడతాయి. మొదటిది ప్రాథమిక కస్టమ్స్ సుంకం. నా బిల్లులో అది 10 శాతం, అంటే 872 రూపాయలు. రెండోది సాంఘిక సంక్షేమ సర్‌చార్జి. ఇది 2018 బడ్జెట్‌లో పాత విద్యా సెస్సుల స్థానంలో వచ్చింది. ఇది వస్తువు మీద వేసేది కాదు, సుంకం మీద 10 శాతం. 872లో 10 శాతం, అంటే 87 రూపాయలు.

మూడోది ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకు మీద పడే జీఎస్టీ. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చూడాలి. ఐజీఎస్టీ 8,721 మీద వేయరు. 8,721కి ముందు పడ్డ 872, 87 రెండూ కలిపి 9,680 మీద వేస్తారు. అంటే పన్ను మీద పన్ను. 18 శాతం లెక్కన 1,742 రూపాయలు.

మూడు పొరలూ కలిపితే 2,701 రూపాయల 77 పైసలు, 2,702 అనుకుందాం. మదింపు విలువలో ఇది 30.98 శాతం. 10, 18 కూడితే 28 వస్తుంది కదా, మిగతా దాదాపు 3 శాతం ఎక్కడిది అని అడుగుతారు. సర్‌చార్జి వల్ల ఒక వంతు, పన్ను మీద పన్ను వల్ల మిగతా వంతు. కాలిక్యులేటర్‌లో త్వరగా చూసుకోవాలంటే ఇలా కొట్టండి:

```
8721 × 1.11 × 1.18 − 8721 = 2701.77
```

మీ వస్తువు రేట్లు వేరైతే 1.11, 1.18 మారతాయి. సుంకం 20 శాతమైతే 1.11 బదులు 1.22 వేయాలి. సర్‌చార్జి అందులోనే కలిసిపోతుంది.

పన్ను 31 శాతమే అయితే ఇంటికొచ్చేసరికి ధర దాదాపు రెట్టింపు ఎలా అవుతుంది?

ఎందుకంటే పెరిగినదంతా పన్ను కాదు. పై లెక్క ప్రకారం సుంకం 2,702. దాని పక్కనే ఇంకో మూడు ఖర్చులు ఉంటాయి.

ఒకటి, పంపే ఖర్చు 2,520. ఇది అమ్మేవాడు మొదటే తీసుకుంటాడు కాబట్టి బిల్లు పెరిగినట్టు అనిపించదు, కానీ పెరిగింది నిజమే. రెండోది, కొరియర్ కంపెనీ సుంకాన్ని ముందు తన జేబులోంచి కట్టి, తర్వాత మన దగ్గర తీసుకుంటుంది. అలా చేసినందుకు ఒక రుసుము వేస్తుంది. నా బిల్లులో అది 600 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 108. మొత్తం 708. ఈ రుసుము కంపెనీని బట్టి మారుతుంది. సాధారణంగా ఇంత కనీసం అని ఒక మొత్తం పెట్టుకుంటారు కాబట్టి చిన్న పార్సిల్ మీద గట్టిగా పడుతుంది. మూడోది, కార్డు బ్యాంకు విదేశీ లావాదేవీ రుసుము. నా కార్డుకి 3.5 శాతం. 9,720 రూపాయల మీద 340, దాని మీద జీఎస్టీ 61, మొత్తం 401 రూపాయలు.

ఇవన్నీ కూడితే 7,200 రూపాయల బో 13,531 అవుతుంది. పెరిగిన 6,331లో ప్రభుత్వానికి సుంకంగా పోయింది 2,702. మిగతా 3,629 రవాణాకి, కొరియర్‌కి, బ్యాంకుకి పోయింది. షాపుకి వచ్చేవాళ్లు మొత్తం కోపాన్ని కస్టమ్స్ మీదే చూపిస్తారు. నేను మాత్రం బిల్లు ముందు పెట్టి, ఏది ఎవరిదో గీత గీసి చూపిస్తాను. తగ్గించుకోగలిగింది ఎక్కువగా ఆ రెండో భాగంలోనే ఉంటుంది.

కార్డు గురించి ఒక మాట. 2020 అక్టోబర్ 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం కొత్త కార్డులు దేశీయ వాడకానికే పనిచేస్తాయి. విదేశీ లావాదేవీలను బ్యాంకు యాప్‌లో మనమే ఆన్ చేసుకోవాలి. కార్డు పనిచేయలేదని సైట్‌ని తిట్టుకునే ముందు అది చూసుకోండి.

కొరియర్ వాళ్లు లెక్క తప్పుగా వేస్తే ఎలా తెలుస్తుంది?

ఇందాక చెప్పిన కథ ఇదే. బో వచ్చిన రోజు డెలివరీ అబ్బాయి అడిగిన మొత్తం ఇచ్చేశాను. అమ్మాయి పెట్టె విప్పి బో వెంట్రుకలకి రోజిన్ రాస్తోంది, నేనేమో సోఫాలో కూర్చుని కాగితాలు తిరగేస్తున్నాను. సుంకం 3,036 అని ఉంది. నా అంచనాకి సరిపోలేదు. పదేపదే చూస్తే `Freight` అనే గడిలో 2,520 కనిపించింది. అంటే 20 శాతం పరిమితి పట్టించుకోకుండా నేను కట్టిన రవాణా మొత్తాన్ని విలువలో కలిపేశారు. మదింపు విలువ 8,721 బదులు 9,801 అయింది. తేడా 334 రూపాయలు. దాంతో ఆ బో నాకు 13,531 బదులు 13,865కి వచ్చింది.

కొరియర్ ఆఫీసుకి మెయిల్ పెట్టాను. సరుకు విడుదలైపోయింది కాబట్టి, ఇక కస్టమ్స్ దగ్గర మదింపు సరిదిద్దించుకుని రీఫండ్‌కి దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. చట్టంలో దానికి వీలుంది, ఏడాది గడువు కూడా ఉంది. కానీ 334 రూపాయల కోసం అన్ని కాగితాలు తిప్పే ఓపిక నాకు లేకపోయింది. తర్వాత ఒక గుణుపురం మాస్టారి పార్సిల్‌కి ఇలాగే జరగబోయింది. సరుకు ఇంకా విడుదల కాలేదు. అప్పుడే మెయిల్‌లో నియమం రాసి, ఇన్‌వాయిస్‌లో వస్తువు ధర, రవాణా విడివిడిగా చూపించాం. దాఖలు చేసేముందే సరిచేశారు. అందుకే, పార్సిల్ దేశంలోకి వచ్చింది అని ట్రాకింగ్‌లో కనబడగానే లెక్క అడగండి. విడుదలయ్యాక అడిగితే ఆలస్యమే.

మీరు అడగాల్సిన కాగితం పేరు బిల్ ఆఫ్ ఎంట్రీ. కొరియర్ బిల్లు వేరు, ఇది వేరు. దీన్ని ఇవ్వమని అడిగే హక్కు మీకుంది, మెయిల్‌లో పీడీఎఫ్ పంపుతారు. అందులో మూడు గడులు చూస్తే చాలు. వస్తువు ధర మీరు నిజంగా కట్టినదేనా, అంటే డిస్కౌంట్ పోను ధరేనా? రవాణా 20 శాతం దాటిందా? వస్తువుని ఏ కోడ్ కింద పెట్టారు? మూడోది తప్పైతే రేటే మారిపోతుంది.

ఏ వస్తువుకి ఎంత రేటు అని ముందే ఎలా తెలుసుకోవాలి?

ప్రతి వస్తువుకీ ఎనిమిది అంకెల టారిఫ్ కోడ్ ఒకటి ఉంటుంది. సుంకం ఆ కోడ్‌ని బట్టే. కస్టమ్స్ శాఖ పోర్టల్ `icegate.gov.in`లో కోడ్ వేసి సుంకం చూసుకోవచ్చు. కోడ్ తెలియకపోతే అమ్మేవాళ్లని అడిగితే మొదటి ఆరు అంకెలు చెబుతారు, అవి ప్రపంచమంతా ఒకటే.

వ్యక్తిగత వాడకానికి పోస్టులోనో విమానంలోనో వచ్చే సరుకులకు టారిఫ్‌లో 9804 అని ప్రత్యేకమైన శీర్షిక ఉంది. 2026 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్‌లో ఈ రకం సరుకులపై సుంకం రేటును 20 నుంచి 10 శాతానికి తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. అందుకే పాత వీడియోల్లో, పాత పోస్టుల్లో కనిపించే శాతాలు నమ్మకండి. ఐజీఎస్టీ కూడా అంతే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం శ్లాబు చాలా సరుకులకి పోయింది. మీరు చూస్తున్న లెక్క ఏ తేదీది అనేది మొదట చూసుకోండి.

పుస్తకాల సంగతి వేరు. అచ్చు పుస్తకాలకు ఐజీఎస్టీ లేదు. ప్రాథమిక సుంకం 2019 బడ్జెట్ నుంచి 5 శాతం. అమెరికాలో అచ్చయిన తెలుగు పుస్తకాలు తెప్పించుకునేవాళ్లకి పన్ను కంటే పోస్టు ఖర్చే ఎక్కువ అవుతుంది.

గిఫ్ట్ అని రాయించుకుంటే సుంకం తప్పుతుందా? ధర తక్కువ వేయించుకుంటే?

తప్పదు. ఒకప్పుడు 5,000 రూపాయల లోపు గిఫ్ట్‌లకి మినహాయింపు ఉండేది. ఆ పేరుతో ఆన్‌లైన్ కొనుగోళ్లు విపరీతంగా రావడంతో 2019 డిసెంబర్‌లో ఆపేశారు. ఇప్పుడు ఆ సౌకర్యం ప్రాణరక్షక మందులకి, రాఖీలకి మాత్రమే ఉంది. మీ బావగారు అమెరికా నుంచి నిజంగానే ప్రేమతో పంపినా సుంకం పడుతుంది.

తక్కువ ధర వేయించడం ఇంకా ప్రమాదం. "80 డాలర్లది 15 అని రాసి పంపమందాం" అని షాపులో చాలామంది అడుగుతారు. నేను ఒప్పుకోను. అధికారికి అనుమానం వస్తే ప్రకటించిన ధరని పక్కన పెట్టి, అలాంటి వస్తువు ధరని బట్టి తనే విలువ కడతాడు. సైట్‌లో ధర అందరికీ కనిపిస్తూనే ఉంటుంది కదా. అప్పుడు సుంకంతో పాటు సరుకు జప్తు, జరిమానా కూడా ఉండొచ్చు. పైగా పార్సిల్ దారిలో పోతే, పరిహారం కూడా కాగితం మీద ఉన్న ఆ 15 డాలర్లకే వస్తుంది.

చిన్న వస్తువులకి సుంకం ఉండదని విన్నాం, నిజమా?

కొన్ని దేశాల్లో ఇంత ధర లోపు అయితే పన్ను లేదు అనే పరిమితి ఉంటుంది. మన దగ్గర కొనుగోళ్లకి అలాంటి ధర పరిమితి లేదు. ఉన్నదల్లా ఒక చిన్న వెసులుబాటు. పడాల్సిన సుంకం మొత్తం 100 రూపాయలు, అంతకన్నా తక్కువ అయితే వసూలు చేయరు. 30.98 శాతం లెక్కన మదింపు విలువ 322 రూపాయల దాకా ఉంటే 100 దాటదు. రవాణా, బీమా కలిపి 322 కాబట్టి, అందులో పట్టేది ఒక తీగల ప్యాకెట్టో, బటన్లో.

దీన్ని చూసి పెద్ద ఆర్డర్‌ని ముక్కలు చేసి పెట్టే ఆలోచన వద్దు. ఒకే పేరుతో, ఒకే రోజు వచ్చిన పార్సిళ్లను కలిపి చూసే అవకాశం ఉంది. రవాణా ఖర్చు ఎలాగూ ముక్కకొకటి పడుతుంది.

మా అత్తవారిది పాతపట్నం. ఆంధ్ర అడ్రస్ ఇస్తే పన్ను తగ్గుతుందా?

తగ్గదు, పెరగదు. ఈ ప్రశ్న ఇక్కడ అందరూ అడుగుతారు. ఊరు దాటగానే ఆంధ్ర వచ్చేస్తుంది కాబట్టి అలా అనిపించడం సహజం. పైగా పాతవాళ్లకి గిరిసోల చెక్‌గేట్ దగ్గర లారీలు గంటల తరబడి ఆగిన రోజులు, ఒడిశా ఎంట్రీ ట్యాక్స్ గుర్తుంటాయి. అవన్నీ 2017లో జీఎస్టీ రాకతో పోయాయి. కస్టమ్స్ సుంకం కేంద్రానిది. ఐజీఎస్టీ రేటు దేశమంతా ఒకటే. మీరు ఏ అడ్రస్ ఇస్తే ఆ రాష్ట్రానికి దానిలో వాటా వెళ్తుందే తప్ప మీ జేబులో తేడా ఉండదు.

తేడా వచ్చేది వేరే దగ్గర. చాలా కొరియర్లకి మా పిన్‌కోడ్‌కి నేరుగా డెలివరీ ఉండదు. చివరి అంచెని వేరే సంస్థకి ఇస్తాయి, అప్పుడు రోజులు పెరుగుతాయి. మీ కొరియర్ పాతపట్నం పిన్‌కోడ్‌కి బాగా తిరుగుతోంది అంటే ఆ కారణంతో అక్కడి అడ్రస్ పెట్టుకోండి, తప్పు లేదు. కానీ కేవైసీ పేరు మాత్రం ఆర్డర్ పెట్టిన వాళ్లదే ఉండాలి.

కేవైసీ కోసం పార్సిల్ ఆగిపోయింది. ఏం చేయాలి?

విదేశీ పార్సిల్ విడుదల చేయాలంటే కొనుగోలుదారు గుర్తింపు కాగితం కావాలి. మన దగ్గర వచ్చే చిక్కు పేర్లతో. సైట్‌లో పొట్టిగా "రమేష్ జి" అని రాస్తాం. ఆధార్‌లో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది. ఒడిశా ఆధార్‌లో ఇంటిపేరు స్పెల్లింగ్ ఒక రకంగా, పాన్‌లో ఇంకో రకంగా ఉన్నవాళ్లు మా ఊళ్లో చాలామంది. రెండూ కలవక మెయిల్ మీద మెయిల్ వస్తుంది. ఆలస్యమైతే గోదాము అద్దె కూడా మన మీదే పడుతుంది. ఆర్డర్ పెట్టేటప్పుడే ఆధార్‌లో ఎలా ఉంటే అలా పేరు కొట్టండి.

పోస్టులో తెప్పించుకుంటే చవకా?

తరచుగా చవకే. సుంకం లెక్క అదే. కానీ పోస్టాఫీసు తీసుకునే రుసుము కొరియర్ రుసుముతో పోలిస్తే చాలా తక్కువ. పార్సిల్ విదేశీ తపాలా కార్యాలయంలో మదింపు అవుతుంది, సుంకం మన పోస్టుమాన్‌కే ఇచ్చి రసీదు తీసుకుంటాం. పార్సిల్ మీద అంటించే సీఎన్ 22 లేదా సీఎన్ 23 చీటీలో ధర, వస్తువు పేరు స్పష్టంగా ఉండేలా అమ్మేవాళ్లకి చెప్పండి. అది గజిబిజిగా ఉంటే అధికారి విప్పి చూడాల్సి వస్తుంది. సమయం మాత్రం ఎక్కువ పడుతుంది, ట్రాకింగ్ కూడా మధ్యలో కొన్ని రోజులు కదలదు. తొందర లేనివాటికి నేను పోస్టే చెబుతాను.

కొమ్ము పని చేసే మా వీధి వాళ్లు పనిముట్లు తెప్పించుకుంటే ఇదే లెక్కా?

కాదు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు చేసేవాళ్లు చిన్న చిన్న చెక్కుడు బిట్లు ఒకేసారి ఇరవై, ముప్పై తెప్పించుకుంటే అది వ్యక్తిగత వాడకం కింద నిలవదు. వ్యాపారానికి దిగుమతి అంటే ఐఈసీ, అంటే దిగుమతి ఎగుమతులు చేసేవాళ్లకిచ్చే నంబరు, కావాలి. సొంత వాడకానికి అది అక్కర్లేదు. అయితే వ్యాపారికి ఒక లాభం ఉంది. జీఎస్టీ నంబరు ఉండి, దాన్ని బిల్ ఆఫ్ ఎంట్రీలో వేయిస్తే, కట్టిన ఐజీఎస్టీని తర్వాత తన అమ్మకాల పన్నులో తగ్గించుకోవచ్చు. ప్రాథమిక సుంకం, సర్‌చార్జి మాత్రం వెనక్కి రావు. మా బో లెక్కలో చూస్తే 1,742 వచ్చేది, 959 పోయేది. కాబట్టి ఎక్కువ మొత్తంలో తెప్పించుకునేవాళ్లు సొంత పేరుతో దొడ్డిదారిన తెప్పించుకోవడం కంటే నంబరు తీసుకోవడమే లాభం.

"కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం, మీ పార్సిల్ ఆగింది" అని ఫోన్ వచ్చింది. డబ్బు పంపాలా?

పంపకండి. అసలైన సుంకం ఎప్పుడూ ఒక మనిషి పేరున్న యూపీఐకి వెళ్లదు. అది కొరియర్ కంపెనీ ద్వారా, లేదా పోస్టుమాన్ చేతికి రసీదుతో వెళ్తుంది. కస్టమ్స్ శాఖ రాసే లేఖ మీద 2019 నవంబర్ నుంచి `DIN` అనే నంబరు ఉంటుంది, దాన్ని శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. ఫోన్ పెట్టేసి, మీ ఆర్డర్‌లో ఉన్న ట్రాకింగ్ నంబరుని కొరియర్ సైట్‌లో మీరే వేసి చూడండి. మీరు ఏ ఆర్డరూ పెట్టకపోతే ఆ పార్సిలే లేదు. పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయి, వీడియో కాల్‌లో ఉండు, అరెస్ట్ చేస్తాం అని భయపెట్టినా అంతే. వెంటనే 1930కి ఫోన్ చేయండి.

సుంకం చూసి పార్సిల్ వద్దనుకుంటే? తీసుకున్నాక పాడైందని తేలితే?

సుంకం కట్టకముందు వద్దంటే అది మీ మెడకు చుట్టుకోదు, కానీ ఊరికే కూడా పోదు. అమ్మేవాడు వెనక్కి పంపే ఖర్చు మీ రీఫండ్‌లోంచి తీసుకుంటాడు, చాలామంది మొదటి రవాణా ఖర్చూ ఇవ్వరు. ఎవరూ తీసుకోకుండా 30 రోజులు దాటితే కస్టమ్స్ నోటీసు ఇచ్చి సరుకుని అమ్మేయవచ్చు.

కట్టాక పాడైందని తేలితే అమ్మేవాడు తన డబ్బు ఇస్తాడు. సుంకం ఆయన దగ్గర లేదు కాబట్టి అది ఇవ్వలేడు. లోపమున్న సరుకుని తిరిగి ఎగుమతి చేస్తే సుంకం వాపసు అడగడానికి చట్టంలో వీలుంది కానీ, అదే వస్తువని అధికారి ముందు చూపించి, ఎగుమతి కాగితాలు పెట్టుకోవాలి. రెండు మూడు వేల కోసం పర్లాకిమిడి నుంచి ఆ పని చేయించుకున్నవాళ్లని నేను చూడలేదు. అందుకే అమ్మేవాడితో వేరే మాట మాట్లాడమంటాను. వస్తువు వెనక్కి పంపకుండా కొంత డబ్బు తిరిగి ఇమ్మని అడగండి. మా అమ్మాయి బో స్క్రూ కొంచెం బిగుతుగా వచ్చింది. ఫోటో పంపితే 15 డాలర్లు వెనక్కిచ్చారు. బరంపురంలో వాయిద్యాలు బాగుచేసే ఒకాయన దాన్ని 150 రూపాయలకి సరిచేసి ఇచ్చాడు.